ఎవరు మార్చారో సరే, ఎవరు చూశారు?

మన సాఫ్ట్‌వేర్ జనాలకి ఒక గట్టి నమ్మకం ఉంది. టేబుల్లో `created_by`, `created_on`, `modified_by`, `modified_on` అని నాలుగు కాలమ్స్ పెట్టేస్తే ఆడిట్ అయిపోయినట్టేనని. ఇంకాస్త శ్రద్ధ ఉన్నవాళ్ళయితే ఒక హిస్టరీ టేబులూ, దానికో ట్రిగ్గరూ. పాత విలువ, కొత్త విలువ, మార్చినవాడి పేరు. రిక్వైర్‌మెంట్స్ పత్రంలో "ఆడిట్ ట్రెయిల్" అన్న వరస పక్కన టిక్కు. క్లయింటు ఖుషీ, మేనేజరు ఖుషీ.

నా గొడవంతా ఆ టిక్కుతోనే. నేను గత కొన్నేళ్ళుగా ఆసుపత్రులకి సంబంధించిన అప్లికేషన్ల మీద పని చేస్తున్నాను. చూసిన ప్రతి డిజైన్లోనూ ఇదే తంతు. రికార్డు మారితే పదహారు వివరాలు రాసి పెడతారు. రికార్డు ఎవరైనా ఊరికే తెరిచి చదివి మూసేస్తే ఒక్క అక్షరం కూడా మిగలదు. అదేంటని ఒక రివ్యూలో అడిగితే, "చూస్తే ఏం పోతుంది బాస్? డేటా కరెక్టుగానే ఉందిగా!" అన్నాడొక పెద్దమనిషి. ఆర్కిటెక్టు, పదిహేనేళ్ళ అనుభవం.

ఏం పోతుందో చెప్పుకుందాం.

అసలు ఆసుపత్రి రికార్డుని దొంగతనంగా మార్చాల్సిన అవసరం ఎంతమందికి ఉంటుంది? ఎవడో బీమా మోసగాడికి, తన తప్పు కప్పిపుచ్చుకోవాలనుకునే ఏ ఒకరిద్దరికో. అదే దొంగతనంగా చూడాలనిపించేవాళ్ళు? సంబంధం కుదుర్చుకోబోయే వాళ్ళు, విడాకుల కేసులో ఉన్నవాళ్ళు, పక్కింటివాళ్ళు, తోటి ఉద్యోగులు, ఊరికే కుతూహలం ఉన్నవాళ్ళు. వీళ్ళెవరికీ డేటా మార్చే పని లేదు. చూస్తే చాలు, వాళ్ళ పని అయిపోతుంది. మన ట్రిగ్గరు మాత్రం హాయిగా నిద్రపోతుంటుంది.

దీనికి నేను కథలు కల్పించక్కర్లేదు. ఫిన్లాండ్‌లో జరిగిన కేసొకటి ఉంది. స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం 2008 జులై 17న తీర్పిచ్చింది. బాధితురాలి పేరు గోప్యంగా ఉంచి కేసుని "ఐ వర్సెస్ ఫిన్లాండ్" అన్నారు. హెల్త్‌కేర్ ప్రాజెక్టులో చేరిన ప్రతివాడికీ మొదటి వారంలోనే ఈ తీర్పు చదివించాలని నా అభిప్రాయం. డొమైన్ ట్రెయినింగ్ పేరుతో మనకి చూపించే స్లైడ్ల కన్నా పది రెట్లు ఉపయోగం.

ఆవిడ ఒక ప్రభుత్వ ఆసుపత్రి కంటి విభాగంలో నర్సు. 1989 నుంచి 1994 దాకా తాత్కాలిక కాంట్రాక్టుల మీద పని చేసింది. ఆవిడకి హెచ్‌ఐవీ ఉందని 1987లోనే తెలుసు. వైద్యం కూడా అదే ఆసుపత్రిలో, అంటువ్యాధుల విభాగంలో. అప్పట్లో ఆ ఆసుపత్రి సిబ్బంది ఎవరైనా రోగుల రిజిస్టరు తెరిచి చూడొచ్చు. 1992 మొదట్లో ఆవిడకి అనుమానం మొదలైంది, తోటివాళ్ళకి తన జబ్బు సంగతి తెలిసిపోయిందని. తన డాక్టరుకి చెప్పుకుంది. అప్పుడు నిబంధన మార్చి, వైద్యం చేసే విభాగం వాళ్ళు మాత్రమే రికార్డు చూసేలా చేశారు. ఆవిడ పేరుని కూడా రిజిస్టరులో మారుపేరుగా మార్చారు. 1995లో కాంట్రాక్టు పొడిగించలేదు.

1996లో ఆవిడ అధికారులకి ఫిర్యాదు చేసింది. అడిగింది ఒక్కటే ప్రశ్న: నా రికార్డుని ఎవరెవరు చూశారో చెప్పండి.

ఆసుపత్రి ఇచ్చిన జవాబు వినండి. మా సిస్టమ్‌లో చివరి ఐదు సంప్రదింపులు మాత్రమే కనిపిస్తాయి. అవి కూడా ఏ విభాగం చూసిందో ఉంటుంది గానీ ఏ మనిషి చూశాడో ఉండదు. పైగా ఫైలు ఆర్కైవ్‌కి తిరిగి వెళ్ళాక అది కూడా చెరిగిపోతుంది. కాబట్టి చెప్పలేం!

ఆవిడ కోర్టుకెళ్ళింది. అక్కడి కోర్టుల్లో ఓడిపోయింది. ఎందుకంటే తోటివాళ్ళు అక్రమంగా చూశారని నిరూపించలేకపోయింది. ఎలా నిరూపిస్తుంది? నిరూపించే కాగితం ఏదైతే ఉండాలో దాన్ని అసలు పుట్టించనే లేదు. చివరికి స్ట్రాస్‌బర్గ్ న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పిందేంటంటే: చూసినవాళ్ళ జాబితా ఉంచకపోవడం ఆసుపత్రి లోపం, ఆ లోపం వల్ల లేని రుజువుని తెమ్మని ఆవిడ మీదే భారం పెట్టడం అన్యాయం. వైద్యం చేసేవాళ్ళకి తప్ప మిగతావాళ్ళకి రికార్డు అందకుండా కట్టడి చేసినా, లేదా చూసిన ప్రతి మనిషి పేరూ నమోదు చేసినా ఆవిడ పరిస్థితి ఇంత అన్యాయంగా ఉండేది కాదు అన్నారు. ఫిన్లాండ్ ప్రభుత్వం పరిహారం కట్టాల్సొచ్చింది. ఇందులో గమనించాల్సిన సంగతి, ఎవరో చూశారని కోర్టు తేల్చలేదు. చూశారో లేదో తేల్చే వీలు లేకుండా చేయడమే తప్పని తేల్చింది.

ఆ ఆసుపత్రి సిస్టమ్ గురించి చదివి "పాతకాలం నాటి సరుకు" అని నవ్వుకునే ముందు, ఆ మూడు లోపాలూ మన ప్రాజెక్టుల్లో ఎక్కడున్నాయో ఒకసారి వెతికి చూడండి.

చివరి ఐదు సంప్రదింపులు. మనవాళ్ళు దీన్ని ఇంకా పొదుపుగా చేస్తారు, రోగి టేబుల్లోనే `last_viewed_by` అని ఒక కాలమ్. ప్రతిసారీ దాని మీదే రాసేస్తారు. ఐదు కూడా కాదు, ఒక్కటే మిగులుతుంది. తప్పుగా చూసినవాడి తర్వాత డాక్టరుగారు మామూలుగా ఒకసారి తెరిస్తే చాలు, వాడి ఆనవాలు పోతుంది.

మనిషి కాదు, విభాగం. వార్డుకో లాగిన్ ఇచ్చే ఆసుపత్రులు ఇప్పటికీ ఉన్నాయి. `ward3` అని ఒకటి, దాని పాస్‌వర్డ్ మానిటరు మీద చీటీ. అలా కాకుండా మనిషికో లాగిన్ ఇచ్చినా, మన అప్లికేషన్ డేటాబేస్‌తో మాట్లాడేది కనెక్షన్ పూల్‌లోని ఒకే ఒక్క యూజరుగా. డేటాబేస్ దృష్టిలో ప్రపంచంలో ఉన్నది ఒక్కడే మనిషి, వాడి పేరు `appuser`.

ఆర్కైవ్‌కి వెళ్తే చెరిగిపోవడం. మన భాషలో దీని పేరు పర్జ్ జాబ్. డిస్కు నిండుతోందని 30 రోజులు దాటిన లాగ్ ఫైళ్ళని కొట్టేస్తుంది. ఆవిడ ఫిర్యాదు చేసింది అనుమానం మొదలైన నాలుగేళ్ళకని గుర్తు పెట్టుకోండి.

ఇప్పుడు దీనికి సరిగ్గా తిరగేసిన కేసు. ఆర్థిక వివరాల విషయంలో, అమెరికాలో. బోస్టన్‌లో పన్నుల శాఖ, అదే ఐఆర్ఎస్, ఉద్యోగి ఒకాయన 1992లో తన పనికి సంబంధం లేని చాలామంది పన్ను వివరాలు కంప్యూటర్లో తెరిచి చూశాడు. అందులో తన తండ్రి మీద కేసు నడుపుతున్న ప్రభుత్వ న్యాయవాది ఉన్నాడు, తను పోటీ చేసిన స్థానిక ఎన్నికల్లో తనని ఓడించిన నాయకుడున్నాడు, తనతో కొన్నాళ్ళు తిరిగిన అమ్మాయి ఉంది. ఒక్క అంకె కూడా మార్చలేదు. ఎవరికీ అమ్మినట్టు రుజువూ లేదు. అయినా దొరికాడు. ఎందుకంటే ఐఆర్ఎస్ సిస్టమ్‌లో ఎవరు ఏ రికార్డు తెరిచారో నమోదయ్యేది, వాళ్ళ అంతర్గత ఆడిట్‌లో బయటపడింది. శిక్ష పడింది గానీ, 1997లో అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. ఊరికే చూడటం అప్పుడున్న చట్టాల ప్రకారం మోసం కిందికి రాదంది. అదే ఏడాది అమెరికన్ కాంగ్రెస్ ప్రత్యేకంగా ఒక చట్టం చేసింది. పన్ను చెల్లింపుదారు వివరాలు అనుమతి లేకుండా చూడటమే నేరం, వెయ్యి డాలర్ల దాకా జరిమానా, ఏడాది దాకా జైలు. బయటికి చెప్పక్కర్లేదు, వాడుకోనక్కర్లేదు, చూడటమే.

ఒకచోట లాగ్ ఉంది, చట్టం లేదు. చట్టాన్ని కొన్ని నెలల్లో తెచ్చుకున్నారు. రెండోచోట గోప్యత చట్టం ఉంది, లాగ్ లేదు. జరిగిపోయిన రోజులకి లాగ్‌ని ఎవరూ తెచ్చి ఇవ్వలేరు. ఫిన్లాండ్ ఆసుపత్రి 1998లో సిస్టమ్ మార్చింది, చూసిన ప్రతి మనిషి పేరూ ఆ తర్వాత నుంచి నమోదవుతోంది. ఆ నర్సుకి అది దేనికీ పనికి రాలేదు.

సరే, ఇక మన అభ్యంతరాల దగ్గరికొద్దాం. మొదటిది ఎప్పుడూ ఒకటే: "పర్ఫార్మెన్స్ పోతుంది, స్టోరేజి సరిపోదు." ఈ మాట అన్నవాడు లెక్క వేసి చెప్పగా నేనింతవరకు చూడలేదు. నేను వేస్తాను. 1,500 మంది వాడే ఒక పెద్ద ఆసుపత్రి అనుకోండి. ఒక్కొక్కరు రోజుకి 200 సార్లు ఏదో ఒక రికార్డు తెరుస్తారనుకుందాం, ఇది ఉదారంగా వేసిన లెక్కే. రోజుకి 3 లక్షల వరసలు. ఒక్కో వరస 300 బైట్లు వేసుకుంటే రోజుకి 90 మెగాబైట్లు. ఏడాదికి 33 గిగాబైట్లు. ఇండెక్సులతో కలిపి రెట్టింపు వేసుకోండి, 66. ఆరేళ్ళు దాచినా 400 గిగాబైట్లు. అదే ఆసుపత్రి రేడియాలజీ విభాగం స్కాన్ బొమ్మల కోసం ఎంత డిస్కు కొంటుందో అడిగి చూడండి. ఇక వేగం సంగతి: 3 లక్షల వరసల్ని పది గంటల మీద పరిస్తే సెకనుకి ఎనిమిది, తొమ్మిది ఇన్సర్టులు. రద్దీ వేళ పది రెట్లు వేసుకున్నా తొంభై. ఈ మాత్రానికి ఆయాసపడే డేటాబేస్ ఈ రోజుల్లో ఎక్కడా లేదు.

రెండో అభ్యంతరం కాస్త తెలివైనది: "దాన్ని డేటాబేసే చూసుకుంటుంది, మనమెందుకు రాయాలి?" ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ట్రిగ్గరు అనేది `INSERT`, `UPDATE`, `DELETE` మీద పని చేస్తుంది. `SELECT` మీద ట్రిగ్గరు ఉండదు. మార్పులకి ఆడిట్ అంత తేలిగ్గా రావడానికీ, చూపులకి రాకపోవడానికీ సగం కారణం ఇదే. తేలిగ్గా వచ్చేదాన్నే మనం అవసరమైనదిగా రాసేసుకున్నాం.

డేటాబేస్‌లో మార్గాలే లేవని కాదు. ఒరాకిల్‌లో ఫైన్ గ్రెయిన్డ్ ఆడిటింగ్ 9ఐ కాలం నుంచీ ఉంది, పోస్ట్‌గ్రెస్‌కి `pgaudit` ఉంది. కానీ అవి ప్రధానంగా పట్టుకునేది క్వెరీ వాక్యాన్ని. ఆ వాక్యానికి ఆ క్షణంలో ఏ వరసలు తిరిగొచ్చాయో పట్టుకోవు. `WHERE ward = 3` అని అడిగినవాడికి ఆ రోజు ఏ రోగులు కనబడ్డారు? ఇవాళ అదే క్వెరీ నడిపితే వార్డులో వేరే రోగులుంటారు. పైగా అడిగినవాడి పేరు `appuser`. అసలు యూజరు పేరుని సెషన్‌కి తగిలించొచ్చు, నిజమే, కానీ పూల్‌లోకి కనెక్షన్ తిరిగెళ్ళేటప్పుడు ఆ పేరు తుడవడం మరచిపోతే ఒకడి చూపు ఇంకొకడి ఖాతాలో పడుతుంది. అసలు లేకపోవడం కన్నా ఇది ఘోరం. అందుకని డేటాబేస్ ఆడిట్‌ని డీబీఏలు, సపోర్టు వాళ్ళు నేరుగా టేబుల్స్‌లోకి వెళ్ళే దారికి కాపలాగా ఉంచండి. అప్లికేషన్ లోంచి చూసేవాళ్ళ సంగతి అప్లికేషనే రాయాలి, ఎందుకంటే తెర మీదికి ఏ రోగి వివరం వెళ్తోందో దానికి మాత్రమే తెలుసు.

మూడోది, "వెబ్ సర్వర్ యాక్సెస్ లాగ్ ఉందిగా" అనేవాళ్ళు. ఉంది. ఐపీ అడ్రసు, యూఆర్ఎల్. సెర్చ్ తెర పోస్ట్‌లో వెళ్తే ఏం వెతికారో ఉండదు. యూఆర్ఎల్‌లో రిపోర్టు నంబరుంటే అది ఎవరి రిపోర్టో తేల్చడానికి ఇంకో టేబుల్‌తో జోడించాలి, ఈలోగా ఆ పర్జ్ జాబ్ వచ్చి వెళ్తుంది.

మరి ఎలా రాయాలి? పెద్ద విద్యేమీ కాదు. రికార్డు చదివే దారులన్నీ ఒకే గుమ్మం గుండా పోయేలా చేసి, ఆ గుమ్మం దగ్గర రాయాలి:

```
LabResult r = repo.findResult(id);
viewLog.write(user, r.patientId(), "result", r.id(), terminal);
return r;
```

వరస ముఖ్యం. రాశాక ఇవ్వాలి, ఇచ్చాక రాస్తాననడం కాదు. లాగ్ టేబుల్ ఉన్న సర్వరు పడిపోతే ఏం చేయాలన్నది మాత్రం నిజమైన ప్రశ్న. బ్యాంకు తెర అయితే చూపించకుండా ఆపెయ్యమంటాను, కస్టమరు పది నిమిషాలు ఆగుతాడు. ఆసుపత్రిలో ఎమర్జెన్సీకి వచ్చిన మనిషి ఆగలేడు కాబట్టి అక్కడ ఆపకూడదు. ఆ యంత్రంలోనే ఒక ఫైలుకి రాసుకుని, సర్వరు లేచాక పంపాలి. వరసలో రిపోర్టులోని విషయం రాయకూడదు, ఏ రోగి, ఏ రిపోర్టు అన్నది చాలు. లేకపోతే లాగే రెండో లీకు అవుతుంది. ఇక అప్లికేషన్ యూజరుకి ఆ టేబుల్ మీద `INSERT` తప్ప ఇంకే హక్కూ ఉండకూడదు. ఇది చెప్పనక్కర్లేదనుకుంటాను, కానీ చెప్పాల్సొస్తుంది.

అందరూ వదిలేసే చోటు ఒకటుంది: సెర్చ్ ఫలితాల జాబితా. వివరాల తెర తెరిస్తేనే "చూసినట్టు" లెక్క అని రాస్తారు. కానీ జాబితాలోనే పేరు, వయసు, విభాగం, డాక్టరు పేరు కనబడుతుంటాయి. మానసిక వైద్య విభాగమనో, క్యాన్సర్ విభాగమనో జాబితాలో కనబడ్డాక ఇంక వివరాలు తెరవాల్సిన పనేముంది? కాబట్టి జాబితాలో కనబడ్డ రోగులందరి నంబర్లూ రాయాలి, ఏ రకంగా వెతికారో కూడా రాయాలి. ఎక్సెల్‌లోకి ఎగుమతి, ప్రింటు కూడా ఇదే లెక్క.

ఇదెందుకు పనికొస్తుందో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. 88213 నంబరు రోగి, ఒక అమ్మాయి, మార్చి 12న వచ్చి నా స్కాన్ సంగతి మా అత్తగారింట్లో తెలిసిపోయింది, మీ దగ్గర్నుంచే వెళ్ళిందంటోంది. మన దగ్గర వ్యూ లాగ్ ఉంది:

```
SELECT viewed_at, user_id, dept, action
FROM view_log
WHERE patient_id = 88213
  AND viewed_at >= '2025-03-03'
  AND viewed_at <  '2025-03-13'
ORDER BY viewed_at;

03-03 10:12  dr_214    gyn      chart
03-03 10:40  rad_031   radio    order
03-03 16:05  rad_031   radio    result
03-03 16:30  dr_214    gyn      result
03-04 09:20  bil_009   billing  invoice
03-06 23:47  nur_118   ortho    search:phone
03-06 23:48  nur_118   ortho    result
03-06 23:52  nur_118   ortho    print
```

మొదటి ఐదు వరసలూ చదవగానే అర్థమవుతాయి. డాక్టరు చూసింది, రేడియాలజీ వాళ్ళు స్కాన్ తీశారు, రిపోర్టు పెట్టారు, డాక్టరు మళ్ళీ చూసింది, బిల్లింగు వాళ్ళు బిల్లు మాత్రమే తెరిచారు. ఆరో వరస దగ్గర ఆగాలి. ఎముకల విభాగానికి ఈ అమ్మాయితో ఏం పని? అంతకన్నా ముఖ్యం, వెతికింది ఫోను నంబరుతో. రోగి ఎదురుగా ఉంటే ఆసుపత్రి నంబరుతో వెతుకుతారు, చేతిలో ఓపీ కార్డు ఉంటుంది కాబట్టి. ఎదురుగా లేని మనిషిని వెతికేవాడే తనకి తెలిసిన ఫోను నంబరు కొడతాడు. సెర్చ్ రకం రాయమని పైన మొత్తుకుంది ఇందుకే. ఐదు నిమిషాల్లో రిపోర్టు ప్రింటు కూడా అయింది.

అయితే ఇక్కడితో `nur_118` దొంగ అని తేలిపోలేదు. డ్యూటీ చార్టు చూస్తే ఆ రాత్రి ఆవిడ డ్యూటీ 8 గంటలకే అయిపోయింది. లాగౌట్ చేయకుండా వెళ్ళింది, వార్డు కంప్యూటరు తెరిచే ఉంది. లాగ్ చెప్పేది లాగిన్ పేరు మాత్రమే, కుర్చీలో కూర్చున్న మనిషి పేరు కాదు. అందుకే టెర్మినల్ కూడా రాయాలి. ఏ యంత్రమో తెలిస్తే ఆ రాత్రి ఆ వార్డులో ఉన్న ముగ్గురి దాకా వస్తాం. పది నిమిషాలు ఖాళీగా ఉంటే దానంతటదే లాగౌట్ అయ్యే ఏర్పాటు ఉండుంటే ఇంకా సూటిగా వచ్చేవాళ్ళం. తెరని ఫోనుతో ఫోటో తీస్తే, డాక్టరుగారు లిఫ్టులో గట్టిగా మాట్లాడితే లాగ్ ఏం చెయ్యలేదు, ఒప్పుకుంటాను. కానీ ఇంకో వైపు చూడండి. ఆ డాక్టరు, రేడియాలజీ టెక్నీషియన్, బిల్లింగు కుర్రాడు, వీళ్ళు ముగ్గురూ అనుమానం లోంచి బయటపడ్డారు. ఫిన్లాండ్ ఆసుపత్రిలో కంటి విభాగం మొత్తం, చూసినవాళ్ళూ చూడనివాళ్ళూ అందరూ కలిపి, ఏళ్ళ తరబడి అనుమానంలోనే ఉండిపోయారు. "మా మీద నిఘానా?" అని అడిగే సిబ్బందికి నేను చెప్పే జవాబు ఇదే.

ఇంకో సమస్య. లాగ్ రాస్తారు, ఎవరూ చదవరు. ఫిర్యాదు వచ్చేదాకా ఆగకుండా వారానికోసారైనా అనుమానాస్పదమైన చూపుల్ని ఏరి చూడాలి. అమెరికాలో హిప్పా నిబంధనలు కూడా రికార్డు చేయడంతో సరిపెట్టలేదు, పరిశీలించమన్నాయి. అక్కడి ఉత్పత్తులు వాడే ఒక పాత చిట్కా, చూసినవాడి ఇంటిపేరూ రోగి ఇంటిపేరూ ఒకటైతే జెండా ఎగరెయ్యడం. బంధువుల రికార్డులు తొంగిచూసేవాళ్ళు దొరుకుతారని. దీన్ని యథాతథంగా తెచ్చి మన ఊళ్ళో పెడితే ఏమవుతుందో ఊహించండి. లాస్ట్ నేమ్ గడిలో మనవాళ్ళు ఇంటిపేరు రాయరు. సగంమంది రెడ్డి, రావు, మిగతా సగంమంది సొంత పేరో నాన్న పేరో. రెడ్డిగారు ఇంకో రెడ్డిగారి రికార్డు తెరిచిన ప్రతిసారీ జెండా లేస్తే, మూడో రోజుకి ఆ రిపోర్టు తెరిచేవాడు ఉండడు. అసలు వదినా మరదళ్ళు దొరకనే దొరకరు. మన దగ్గర ఉద్యోగి ఫోను నంబరూ చిరునామా రోగివాటితో పోల్చడం మేలు. దాని కన్నా మేలైనది ఇది:

```
SELECT v.user_id, v.patient_id, COUNT(*)
FROM view_log v
LEFT JOIN visit s
  ON s.patient_id = v.patient_id
 AND s.dept = v.dept
 AND v.viewed_at >= s.start_at - INTERVAL '3 days'
 AND v.viewed_at <  s.start_at + INTERVAL '60 days'
WHERE s.id IS NULL
GROUP BY v.user_id, v.patient_id;
```

అంటే, ఆ రోగి ఆ విభాగానికి వచ్చిన దాఖలా లేకుండా ఆ విభాగం మనిషి చూసిన చూపులు. బిల్లింగు, ల్యాబు, రేడియాలజీ వాళ్ళందరూ ఇందులో పడతారు, వాళ్ళకి విజిట్ ఉండదు కాబట్టి. వాళ్ళని బిల్లుతోనో, ఆర్డరుతోనో జోడించి విడిగా తీసెయ్యాలి. నైట్ డ్యూటీలో వేరే వార్డుకి సాయం వెళ్ళిన నర్సులు కూడా కొంతమంది పడతారు. మొదటి నెల చెత్త ఎక్కువే ఉంటుంది. మెల్లగా తగ్గుతుంది.

మన చట్టాలు ఏమంటున్నాయంటారా? కంపెనీల అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆడిట్ ట్రెయిల్ తప్పనిసరి అని 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. చదివి చూడండి, అది అడిగేది ఎడిట్ లాగ్. పుస్తకాల్లో చేసిన ప్రతి మార్పూ, అది చేసిన తేదీ. లెక్కలకి అది సరైనదే, అక్కడ భయం తారుమారు గురించి. మన వెండర్లు మాత్రం ఆ ఎడిట్ లాగ్ చూపించి "మా ఉత్పత్తి ఆడిట్‌కి సిద్ధం" అని ఆసుపత్రులకీ అప్పులిచ్చే సంస్థలకీ అమ్ముకుంటున్నారు. దానికి భిన్నంగా, డేటా రక్షణ చట్టం కింద 2025 నవంబరులో వెలువడిన నియమాలు వ్యక్తిగత డేటాని ఎవరు అందుకుంటున్నారో లాగుల ద్వారా తెలిసేలా, పర్యవేక్షించేలా ఉండాలంటాయి, ఆ లాగుల్ని ఏడాది ఉంచమంటాయి. ఆ భాగానికి 18 నెలల గడువిచ్చారు. నా జోస్యం చెప్పనా? పదిహేడో నెలలో అందరూ ఒక ట్రిగ్గరు రాసి టిక్కు పెడతారు.

చివరగా ఒక డిమాండు. ఈ జాబితా ఆసుపత్రి అడ్మిన్ తెరలో ఉంటే చాలదు, రోగికి కనబడాలి. ఎస్తోనియాలో ఇది ఉంది, అక్కడి ఆరోగ్య పోర్టల్లో తన వివరాలు ఎవరు తెరిచారో రోగే చూసుకోవచ్చు. నేను ఈ మాటంటే "అమ్మో, రోజూ గొడవలే, ఫలానా నర్సు ఎందుకు చూసిందని నిలదీస్తారు" అన్నారు మావాళ్ళు. నిలదియ్యనివ్వండి. సిబ్బంది భద్రత గురించే మీ బెంగయితే మొదట విభాగం, హోదా, సమయం చూపించండి, అభ్యంతరం పెడితే పేరు ఆసుపత్రి విచారించి చెప్పాలి. పై ఉదాహరణలోని అమ్మాయికి మార్చి 7 పొద్దున్నే "ఎముకల విభాగం, నర్సు, రాత్రి 11:48, స్కాన్ రిపోర్టు" అని ఫోనులో కనబడి ఉంటే, 12వ తేదీ దాకా ఆగేది కాదు.